సంక్రాంతి తర్వాత మీ ఫిజియోథెరపీ తేదీలు, మిగిలిన సెషన్ల లెక్క

గుంటూరు
8 జనవరి 2026, గురువారం

వరలక్ష్మి టీచర్ గారికి నమస్కారం.

పండక్కి రేపల్లె వెళ్తున్నామని, 18న తిరిగి వస్తామని నిన్న చెప్పారు కదా. మిగిలిన సెషన్లు ఏమవుతాయో మాస్టారు కూడా అడిగారు. ఇద్దరూ చూసుకునేలా అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. రేపు శుక్రవారం 9న మాత్రం మామూలుగానే పదిన్నరకి రండి, అది మానొద్దు. నిన్న కొలిచినప్పుడు మీ ఎడమ మోకాలు 95 డిగ్రీల వరకు వంగింది. ఆపరేషన్ అయి అయిదో వారం నడుస్తోంది కాబట్టి ఫర్వాలేదు. కానీ కాలు పూర్తిగా చాచడంలో ఇంకా కొంచెం వెలితి ఉంది. ఈ దశలో కదలిక తగ్గితే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత దాన్ని వంచాలంటే మీకూ నొప్పే, నాకూ కష్టమే. అందుకే వెళ్లేముందు ఇంట్లో చేసే వ్యాయామాలు ఒకసారి మీ చేత చేయించి పంపుతాను.

12వ తేదీ సెషన్ రద్దు చేశాం. 14, 15, 16 తేదీల్లో భోగి, సంక్రాంతి, కనుమలకి క్లినిక్ సెలవు. కాబట్టి ఆ వారం మీకు ఒక్క సెషన్ కూడా కోతపడదు.

మళ్లీ మొదలయ్యేది 19, సోమవారం. ఆ వారం 19, 21, 23 తేదీల్లో ఉదయం ఖాళీ లేదు, సాయంత్రం అయిదింటికి పెట్టాను. 26 సోమవారం రిపబ్లిక్ డే సెలవు కనుక ఆ వారం మాత్రం మంగళ, గురు, శనివారాలు, అంటే 27, 29, 31. ఇక్కడి నుంచి మీ పాత టైమే, ఉదయం పదిన్నర. ఫిబ్రవరిలో మళ్లీ మామూలు రోజులే: 2, 4, 6, 9, 11, 13. పదమూడో తేదీతో ఇరవై పూర్తవుతాయి.

ఇక డబ్బు సంగతి. మీరు 20 సెషన్లకి 10,000 రూపాయలు కట్టారు. రేపటితో కలిపి 8 అవుతాయి, ఇంకా 12 ఉంటాయి. డిసెంబరు 31న జ్వరమని ఆ ఉదయమే ఫోన్ చేశారు. రూల్ ప్రకారం ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి, అందుకే రిసెప్షన్‌లో మీ కార్డు మీద ఆ రోజు కూడా టిక్కు పెట్టేశారు. జ్వరానికి ముందురోజు ఎలా తెలుస్తుంది చెప్పండి! నేను దాన్ని కొట్టించేశాను. రేపు కార్డు తెస్తే సరిచేసి సంతకం పెడతాను.

ప్యాకేజీ గడువు ఫిబ్రవరి 20. పైన రాసిన తేదీలన్నీ ఆలోపే అయిపోతాయి. అయినా మధ్యలో ఏదైనా అడ్డం వస్తుందేమోనని మార్చి 15 దాకా పొడిగించాం. దానికి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు.

మధ్యలో ఆపేయాల్సి వస్తే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తాం. అయితే లెక్క వేరు. ప్యాకేజీలో సెషన్ 500 పడింది, విడిగా అయితే 600. ఆపేసినప్పుడు అప్పటిదాకా వచ్చిన సెషన్లకి 600 చొప్పున పట్టుకుంటాం. రేపటితోనే ఆపేశారనుకోండి, ఎనిమిదికి 4,800 పోను 5,200 వస్తుంది. మీరు లెక్కల టీచర్, 6,000 రావాలి కదా అంటారని ముందే చెబుతున్నాను. రసీదు వెనక ఈ షరతు ఉంది. డబ్బు మీరు కట్టిన ఫోన్‌పే నంబరుకే వారం రోజుల్లో వేస్తాం.

మాస్టారి భుజం నొప్పికి ఈ సెషన్లు వాడుకోవచ్చా అన్నారు. వాడుకోవచ్చు, కుటుంబంలో ఎవరి పేరుకైనా మారుస్తాం. కానీ ఇప్పుడు వద్దండీ. ఈ పన్నెండూ మీ మోకాలికే కావాలి. మీ సర్జన్ ముందుగానే చాలన్నారంటే, అప్పుడు మిగిలినవి ఆయనకి రాద్దాం. ఈలోగా ఆయన భుజం ఒకసారి చూస్తాను, రేపు మీతో రమ్మనండి.

ఊళ్లో జాగ్రత్తలు: కారులో కాలు ముడుచుకుని కూర్చోకుండా తెనాలిలో ఆగి నాలుగడుగులు వేయండి. ముగ్గులు పిల్లల చేత వేయించండి, మీరు కింద కూర్చోవద్దు. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టొద్దు, హాయిగానే ఉంటుంది కానీ కాలు చాచడం రాకుండా పోతుంది. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా నాకోసం ఆగకుండా వెంటనే సర్జన్‌కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే మాత్రం 108కి.

19 సాయంత్రం అయిదు మీకు కుదరకపోతే రేపే చెప్పండి, ఆ టైము కోసం ఇంకొకరు అడుగుతున్నారు.

ఉంటాను,
స్రవంతి
ఫిజియోథెరపిస్ట్