వైవా ప్రారంభ ప్రసంగం: తూము దగ్గరి మాట

(స్లైడ్ 1: శీర్షిక)

శాఖాధ్యక్షులకు, మా కోసం ఇంత దూరం వచ్చిన బాహ్య పరీక్షకులకు, నా పర్యవేక్షకులకు, గురువులకు, మిత్రులకు నమస్కారం. కాస్త టెన్షన్‌గా ఉంది కాబట్టి కాగితం చూసి చదువుతాను, మన్నించండి.

నా సిద్ధాంత వ్యాసం పేరు "తూము దగ్గరి మాట: పూర్వ వరంగల్ జిల్లాలో చెరువు నీటి నిర్వహణ పదజాలం, మూడు తరాల పరిశీలన".

(స్లైడ్ 2: చెరువు కట్ట ఫొటో)

ఈ ఫొటో జనగామ వైపు ఒక ఊరి చెరువుది. కట్ట ఉంది, తూము ఉంది, మత్తడి ఉంది. ఆ కట్ట మీద నిలబడి ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి "నీళ్లు ఎవరు ఇడుస్తరు?" అని అడిగాను. "రిలీజ్ చేస్తరు సార్" అన్నాడు. ఎవరు అన్నది చెప్పలేదు. అదే చోట అతని తాత "మేం ఇడిసేది" అన్నాడు. నా పరిశోధన ప్రశ్న ఈ రెండు జవాబుల మధ్య ఉంది. చెరువు అలాగే ఉన్నా, దాన్ని నడిపే తీరు మారితే భాషలో ఏది మారుతుంది? ఏ మాటలు నిలుస్తాయి, ఏవి పోతాయి?

(స్లైడ్ 3: పూర్వ పరిశోధన)

ఈ దారిలో నాకన్నా ముందు నడిచిన పెద్దలున్నారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారన్నది అది చూపించింది. తెలంగాణలో మత్తడి అనీ అలుగు అనీ అనేదాన్ని అనంతపురం వైపు మరవ అంటారు. చెరువు నీళ్లు వదిలే, మనం నీరటి అనే మనిషిని రాయలసీమలో నీరుగంటి అంటారు. ఇది స్థలభేదం. నేను స్థలాన్ని కదపకుండా ఉంచి, వయసును మార్చి చూశాను.

(స్లైడ్ 4: పద్ధతి)

ములుగు, జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో 16 ఊళ్లు, ఊరికి నలుగురు చొప్పున 64 మంది వక్తలు. మూడు వయోవర్గాలు: 65 దాటినవారు, 40 నుంచి 60 మధ్యవారు, 20 నుంచి 35 మధ్యవారు. ఒకే ఊళ్లో వయసుల మధ్య కనిపించే తేడాను కాలంలో జరిగిన మార్పుగా చదవడం విలియం లబోవ్ 1963లో మార్తాస్ వైన్‌యార్డ్ దీవి మీద ప్రచురించిన అధ్యయనం నుంచి మనకు తెలిసిన పద్ధతే. దానికో చిక్కుంది. కుర్రవాళ్లు పెద్దయ్యాక ఆ మాటలు నేర్చుకోవచ్చు కదా? అందుకే పెద్దవాళ్లందరినీ ఆ మాట మొదట ఏ వయసులో, ఎవరి దగ్గర విన్నారో కూడా అడిగాను. దాదాపు అందరూ పన్నెండు, పదమూడేళ్లకే, నీళ్లు కట్టడానికి పోయినప్పుడు అన్నారు.

ఇక్కడ ఒక పొరపాటు ఒప్పుకోవాలి. మొదటి నాలుగు నెలలు ప్రశ్నావళి పట్టుకుని ఇళ్లకు వెళ్లాను. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, నన్ను ఆఫీసర్ని చూసినట్టు చూసేవారు. నాకు దొరికినవి "సర్‌ప్లస్", "కెపాసిటీ" లాంటి ఇంజనీర్ల మాటలు. ఒక రోజు మానుకోట దగ్గర ఒక ముసలాయన "ఈడ కూసుంటే ఏం యాదికొస్తది, కట్ట మీదికి పోదాం పా" అన్నాడు. కట్ట ఎక్కాక రికార్డర్ నింపేశాడు. ఆ తర్వాత ఇంటర్వ్యూలన్నీ కట్ట మీద నడుస్తూనే చేశాను. మొదటి నాలుగు నెలల సేకరణను విశ్లేషణలోంచి పూర్తిగా తీసేశాను. అనుబంధంలో మాత్రం ఉంచాను, ఎందుకు పనికిరాలేదో కనిపించాలని.

(స్లైడ్ 5: పట్టిక)

సేకరించిన పదాల్ని మూడు కుప్పలు చేశాను. వస్తువుల పేర్లు: కట్ట, తూము, మత్తడి, శిఖం, ఒండ్రు. పనుల పేర్లు: బుంగ పూడ్చడం, పూడిక తీయడం, కట్ట కాయడం. మూడోది తీర్మానాల పేర్లు: వంతు, తైబందీ, ఆబి, తాబి. ఆబి అంటే వానాకాలం పంట, తాబి అంటే యాసంగి పంట. రెండో పంటకు చెరువులో ఉన్న నీళ్లు ఎంత భూమికి సరిపోతాయో ముందే కూర్చుని తేల్చుకోవడం తైబందీ.

వస్తువుల పేర్లే ముందు పోయి ఉంటాయని నేను అనుకున్నాను. జరిగింది దానికి ఎదురు. పట్టిక మీ ముందుంది, అంకెలు చదవను. వస్తువుల పేర్లు మూడు తరాల్లోనూ బతికే ఉన్నాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మత్తడి, తూము లాంటి మాటలు కుర్రవాళ్ల నోట మళ్లీ వినిపిస్తున్నాయి కూడా. కూలిపోయింది మూడో కుప్ప. చిన్న వర్గంలో తైబందీ అన్న మాట చాలామంది అసలు వినలేదు.

(స్లైడ్ 6: మూడు వాక్యాలు)

ఇప్పుడు, నా ఉద్దేశంలో ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఇది వెతికితే దొరకలేదు, రికార్డింగులు రాసుకుంటుంటే కంటపడింది. పెద్దవాళ్లు "నీళ్లు ఇడిసినం" అంటారు. నడివయసువాళ్లు "ఇడిసిన్రు" అంటారు. కుర్రవాళ్లు "రిలీజ్ చేసిన్రు" లేదా "నీళ్లొచ్చినయ్" అంటారు. ఇంగ్లీషు మాట రావడం గురించి అందరం మాట్లాడతాం. ఇక్కడ అంతకన్నా ముందే క్రియ చివర ఉన్న 'మేం' పోయింది. ఇడిసినం నుంచి ఇడిసిన్రుకు మారేటప్పుడు ధాతువు తెలుగుదే, మారింది పురుష ప్రత్యయం.

ఎందుకు మారింది? బోర్లు వచ్చి ఎవరి నీళ్లు వాళ్లవయ్యాయి. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చేరే చెరువుల్లో ఎప్పుడు నింపాలన్నది ఊరి చేతిలో లేదు. నీరటులు వీఆర్‌ఏలై రెవెన్యూ పనుల్లోకి వెళ్లారు. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు ఆ ఖాళీని నింపి ఉంటే మాటలు వాళ్ల దగ్గరైనా మిగలాలి. నా ఊళ్లలో మిగల్లేదు. తూము మూసే బిరడ గురించి, ములుగు దగ్గర నీరటి పని చేసిన ఒక పెద్దాయన మాట ఐదో అధ్యాయంలో ఉంది: "బిరడ గుంజుడు ఎవలకైనా అస్తది బిడ్డా. ఎన్ని వేళ్ల మందం గుంజాల్నో చెప్పేటోడు లేడు."

(స్లైడ్ 7: చేర్పు)

ఈ వ్యాసం కొత్తగా ఇచ్చేవి రెండు. ఒకటి, తరాలవారీ గుర్తులతో, వినిపించే రికార్డింగులతో ఉన్న చెరువు పదకోశం. రెండోది, వృత్తి పదాలు పోవడాన్ని వస్తువు అంతరించడంతో ముడిపెట్టే అలవాటుకు ఒక సవరణ: వస్తువు చెక్కుచెదరకున్నా నిర్ణయం చేయి మారితే పదం పోతుంది, పదం కన్నా ముందు క్రియా ప్రత్యయం ఆ సంగతి చెబుతుంది.

లోపాలు నేనే చెబుతాను. 64 మందిలో స్త్రీలు పదకొండుగురే. నాట్లు వేసే చోట నీటి మాటలు వాళ్లవే ఎక్కువ, అవి నాకు చాలావరకు అందలేదు. చేపలు పట్టే ముదిరాజుల పదజాలాన్ని ముట్టుకోలేదు. నా ఊళ్లలో నీరటి పని ఎక్కువగా దళిత కుటుంబాలదే. ఆ పని చేసినవారు బతికి దొరికింది ముగ్గురే. 'మేం ఇడిసినం' అన్న ఆ 'మేం'లో నీరటి ఉన్నాడా, ఆసామి ఒక్కడే ఉన్నాడా అన్నది ఆరో అధ్యాయంలో లేవనెత్తి, తేల్చకుండానే వదిలాను. మీ ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయని అనుకుంటున్నాను.

నమస్కారం. సెలవిస్తే చర్చకు సిద్ధంగా ఉన్నాను.