నాలుగో నంబరు కన్వేయర్ గేర్‌బాక్స్ వైఫల్య విశ్లేషణ: తెలుగు ప్రతి

అనువాద గమనిక

ఈ నివేదికను చదివి పని చేయాల్సింది ఫిట్టర్లు, లూబ్రికేషన్ సిబ్బంది. అందుకే షాప్‌ఫ్లోర్‌లో వాడుకలో ఉన్న పినియన్, పిటింగ్, బేరింగ్, సీల్ వంటి మాటలను అలాగే ఉంచాం. రెండు చోట్ల మాత్రం మాటలు కలిసిపోకుండా జాగ్రత్తపడ్డాం. లోహం పైపొర రాసుకుని పోవడం అరుగుదల. ఒకే చోట కోట్లసార్లు ఒత్తిడి పడి, పగిలి, పెచ్చు లేవడం అలసట. పిటింగ్ ఈ రెండో కోవలోది. పిటింగ్ పడిన పన్నును ‘అరిగింది’ అని రాస్తే నూనెలో దుమ్ము కోసం వెతుకుతారు, పల్చబడిన నూనె అలాగే మిగిలిపోతుంది. పుస్తకాల్లో స్నిగ్ధత అనే లక్షణానికి ఇక్కడ ‘చిక్కదనం’ అని రాశాం.

యంత్రం, జరిగింది

110 కిలోవాట్ల మోటారు, నిమిషానికి 1485 తిప్పులు. మూడు దశల గేర్‌బాక్స్, నిష్పత్తి 31.5. పగిలింది మూడో దశ పినియన్: 17 పళ్లు, మాడ్యూల్ 8, పంటి వెడల్పు 140 మి.మీ. దీనితో కలిసేది 71 పళ్ల పెద్ద గేరు. చివరిసారి నూనె పూర్తిగా మార్చాక సుమారు 6,700 గంటలు నడిచింది. పినియన్ వేగం నిమిషానికి 197 తిప్పులు కాబట్టి ఒక్కో పన్ను సుమారు 7.9 కోట్లసార్లు బరువు మోసింది. పెద్ద చప్పుడుతో బెల్టు ఆగింది. తెరిచి చూస్తే వరుసగా మూడు పళ్లు లేవు.

పళ్ల మీద కనిపించినవి

పినియన్ పళ్లన్నిటి మీదా బూడిదరంగు మచ్చ ఉంది. భూతద్దం కింద అది 10 నుంచి 20 మైక్రాన్ల లోతున్న సన్నటి గుంటల మందగా తేలింది. ఇది మైక్రోపిటింగ్: నూనె పొర పంటి గరుకుతనం కంటే పల్చబడినప్పుడు వస్తుంది. దాని మీదే, పిచ్ రేఖకు కాస్త కింద, 1 నుంచి 4 మి.మీ. వెడల్పు గుంటలు ఉన్నాయి. అవి అక్కడే రావడానికి కారణం ఉంది. పంటి కింది భాగంలో దొర్లే దిశ ఒకటి, జారే దిశ దానికి ఎదురు. ఉపరితలంలో పుట్టిన పగులు నోరు తెరుచుకుంటుంది, నూనె అందులోకి దూరుతుంది, ఎదుటి పన్ను నోరు మూసేసరికి లోపలి ఒత్తిడి పగులును ఇంకా లోపలికి నెడుతుంది.

గుంటలు పంటి వెడల్పంతా లేవు. పెద్ద గుంటల్లో అధికభాగం మోటారు వైపు 60 మి.మీ.లోనే ఉన్నాయి. నీలి రంగు పూసి చూస్తే తాకుడు మచ్చ కూడా ఆ వైపే, వెడల్పులో 45 శాతం మాత్రమే వచ్చింది.

జారే దిశలో సన్నటి గీతలూ ఉన్నాయి. పిచ్ రేఖ దగ్గర జారుడు ఉండదు కాబట్టి అక్కడ గీతలు లేవు. ఇది దుమ్ము వల్ల కలిగిన రాపిడి అరుగుదల. లోతు తక్కువ, పన్ను విరగడానికి ఇది నేరుగా కారణం కాదు.

విరిగిన ముఖాలు

మూడింటిలో ఒక్క పన్నే అలసటతో విరిగింది. పంటి మూలం వంపులో, మోటారు వైపు అంచు నుంచి 12 మి.మీ. దూరంలో పగులు పుట్టింది. అక్కడి నుంచి చుట్టూ, అలలు ఒడ్డున వదిలే గీతల్లాంటి వలయాలు పరుచుకున్నాయి. విరిగిన ముఖంలో సుమారు 70 శాతం ఈ నునుపు భాగమే. చివర్లో తెగిన గరుకు భాగం 30 శాతమే ఉండటం ముఖ్యమైన ఆధారం: సగటు బరువు అధికంగా ఉండి ఉంటే పన్ను ఇంత దూరం పగలకముందే తెగేది. మిగతా రెండు పళ్ల ముఖాలు పూర్తిగా గరుకుగా, వలయాలు లేకుండా ఉన్నాయి. విరిగిన ముక్క మధ్యలో చిక్కుకోవడంతో అవి ఒక్కసారిగా తెగాయి.

పగులు పుట్టిన చోట పిటింగ్ గుంట లేదు. కాబట్టి గుంటే పంటిని విరిచిందని చెప్పలేం. రెండింటికీ మూలం ఒకటే, దారులు వేరు.

లోహం సంగతి

పంటి ఉపరితల గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలులో 59 నుంచి 60 (ఉండాల్సింది 58 నుంచి 62). గట్టిపడిన పొర లోతు 1.3 మి.మీ., డ్రాయింగులోని 1.2 నుంచి 1.6 పరిధిలోనే ఉంది. పగులు పుట్టిన చోట మలినాల ముద్దలు గానీ, గ్రైండింగ్ మంట మచ్చలు గానీ లేవు. లోహంలో, హీట్ ట్రీట్‌మెంట్‌లో దోషం లేదు.

నూనె, బేరింగు

వాడాల్సింది 320 గ్రేడు ఈపీ నూనె. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనం 288 నుంచి 352 సెంటీస్టోక్స్ ఉండాలి. నమూనాలో 266 వచ్చింది. లాగ్‌బుక్ చూస్తే కారణం తెలిసింది: సీల్ కారడంతో తగ్గిన నూనెను రెండుసార్లు, ప్రతిసారీ 18 లీటర్ల చొప్పున, 220 గ్రేడుతో నింపారు. మొత్తం 62 లీటర్ల నూనెలో దాదాపు సగం పల్చటిదే అయింది. పైగా గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత 68 నుంచి 84 డిగ్రీలకు ఎక్కింది. వేడి పెరిగేకొద్దీ నూనె ఇంకా పల్చబడుతుంది.

నూనెలో నీరు 0.14 శాతం, సిలికాన్ 78 పీపీఎం, ఇనుము 520 పీపీఎం, ఐఎస్ఓ 4406 శుభ్రత కోడు 22/20/17 (లక్ష్యం 19/17/14). బ్రీదర్‌లో తేమ పీల్చే గింజలు లేవు, కాబట్టి నీరు, దుమ్ము ఈ దారినే వచ్చాయని అభిప్రాయపడుతున్నాం. ఇనుము అంకెను పట్టుకుని నష్టం కొలవకూడదు: స్పెక్ట్రోమీటర్ కొన్ని మైక్రాన్లకు మించిన రేణువులను సరిగ్గా చదవలేదు. అయస్కాంత ప్లగ్ మీద 1 నుంచి 2 మి.మీ. పొలుసులు దొరికాయి. అసలు సమాచారం వాటిలోనే ఉంది.

పినియన్ షాఫ్ట్ మోటారు వైపు టేపర్ రోలర్ బేరింగ్ బయటి రింగులో పెచ్చులు ఊడాయి. షాఫ్ట్ అటూఇటూ ఆట 0.28 మి.మీ. ఉంది, అనుమతి 0.08 నుంచి 0.13.

తీర్పు

దుమ్ము, నీరు కలిసిన నూనె బేరింగును పాడుచేసింది. బేరింగు వదులై షాఫ్ట్ ఒరిగింది. బరువంతా పంటి ఒక చివరకు చేరి, మూలంలో వంపు అలసట మొదలైంది. అదే ఒరుగుడు, పల్చటి నూనె కలిసి పిటింగ్ తెచ్చాయి. ఒక్కసారి పడిన అధిక భారం కారణమనే తొలి అంచనాను విరిగిన ముఖం కొట్టిపారేస్తోంది.

చేయాల్సిన పనులు

పినియన్‌ను ఒంటరిగా మార్చవద్దు. పెద్ద గేరు మీదా మైక్రోపిటింగ్ ఉంది, ముక్కలు నలిగిన నొక్కులూ ఉన్నాయి. పాత గేరుతో కొత్త పినియన్ కలిస్తే ఆ గరుకుతనమే కొత్త పళ్లను తింటుంది. జతగా మార్చాలి. మూడు షాఫ్టుల బేరింగులూ, కారుతున్న సీలూ మార్చాలి. హౌసింగ్‌ను పల్చటి నూనెతో కడిగి, ఆ నూనెను పూర్తిగా దించేశాకే 320 గ్రేడు పోయాలి. బ్రీదర్ స్థానంలో తేమ పీల్చేది అమర్చి, గింజల రంగు మారిన వెంటనే మార్చాలి.

బిగించేటప్పుడు డయల్ గేజ్‌తో ఆట కొలిచి రాసుకోవాలి. తాకుడు మచ్చ పంటి వెడల్పులో 85 శాతానికి తగ్గితే షిమ్ములు సరిచేయకుండా నడపవద్దు.

నూనె డబ్బాలకూ, నింపే మూతకూ ఒకే రంగు గుర్తు వేయండి. నమూనాను యంత్రం నడుస్తుండగా, నూనె మట్టానికి మధ్య ఎత్తు నుంచి తీయాలి. అడుగు ప్లగ్ నుంచి తీస్తే మురికే వస్తుంది. అయస్కాంత ప్లగ్‌ను వారానికోసారి చూడాలి. వైబ్రేషన్ కొలతలో 55.8 హెర్ట్జ్ దగ్గర, దానికి ఇరువైపులా 3.3 హెర్ట్జ్ దూరంలో పక్క శిఖరాలు పెరుగుతుంటే పినియన్ ఒరుగుతోందనో, ఒక పన్ను దెబ్బతిందనో అనుమానించి, తనిఖీ మూత తెరిచి చూడాలి.