గుంటూరు కారం పొడి: హోల్‌సేల్ రేటు కార్డు

2025 జూన్ 1 నుంచి 30 వరకు వచ్చే ఆర్డర్లకు. అర కిలో, కిలో ప్యాకెట్లు. పెట్టెకు 25 కిలోలు, పెట్టె విప్పి విడిగా ఇవ్వం. జీఎస్టీ అదనం.

మొదటి 25 కిలోలు: కిలో ₹320
26 నుంచి 100 వరకు: ₹308
101 నుంచి 300 వరకు: ₹298
300 దాటిన ప్రతి కిలో: ₹290

కరెంటు బిల్లు లాగే, ఏ స్లాబు రేటు ఆ స్లాబులోని కిలోలకే. 125 కిలోలు తీసుకుంటే 25×320 + 75×308 + 25×298 = ₹38,550; సగటున ₹308.40. 400 కిలోలకు ₹1,19,700, సగటు ₹299.25. మొత్తం సరుకుకూ కింది రేటే వేయమని చాలామంది అడుగుతారు. అలా వేస్తే 325 కిలోల బిల్లు ₹94,250కి దిగి, 300 కిలోలకు అసలు పడే ₹90,700 కంటే ₹3,550 మాత్రమే ఎక్కువవుతుంది. ఆఖరి పెట్టె సగం ధరకంటే తక్కువకే ఇచ్చినట్టు.

ఆర్డరు పెరిగితే మాకు మిగిలేది ప్యాకింగు, లోడింగు, బిల్లింగు ఖర్చులోనే. మిరపకాయ రేటు తగ్గదు. అందుకే ఎన్ని టన్నులైనా ₹290 కింద లేదు, బేరం వద్దు.

స్లాబు లెక్క ఒకే ఆర్డరు, ఒకే బిల్లు, ఒకే చిరునామాకు. నాలుగు షాపుల ఆర్డర్లు కలిపినా, వేర్వేరు వారాలవి కూడినా కుదరదు. సరుకు వెనక్కి పంపితే మిగిలిన కిలోలకు బిల్లు మళ్లీ వేస్తాం.

100 గ్రాముల ప్యాకెట్లకు కిలోకు ₹14 అదనం. స్లాబులో మాత్రం కలుస్తాయి. 15 రోజుల అరువుకు కిలోకు ₹3. గుంటూరు లారీ ఆఫీసు దాకా చేర్చడం మాది, అక్కడి నుంచి కిరాయి మీది.