సంపు, ట్యాంకు, మెట్ల లైటు: ఐదు స్విచ్ పజిల్స్

పెన్సిలు, తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. స్విచ్ వేసి ఉంటే 1, తీసి ఉంటే 0. బల్బు వెలిగితే 1, వెలగకపోతే 0. లెక్కంతా ఈ రెండు అంకెలతోనే.

రెండు స్విచ్‌లు ఒకే వైరు మీద ఒకదాని వెనక ఒకటి ఉంటే, రెండూ వేస్తేనే కరెంటు అవతలికి పోతుంది. అది ఆండ్. చాలా మిక్సీల్లో జార్ సరిగ్గా కూర్చోవాలి, నాబ్ కూడా తిప్పాలి. ఏ ఒక్కటి లేకపోయినా తిరగదు. రెండు స్విచ్‌లు రెండు వేరు దారుల్లో ఉండి, ఆ దారులు మళ్లీ ఒకచోట కలిస్తే, ఏది వేసినా చాలు. అది ఆర్. ముందు గుమ్మం దగ్గరో బటన్, వెనక గుమ్మం దగ్గరో బటన్, లోపల ఒకటే కాలింగ్ బెల్. ఇక నాట్ అంటే ఫ్రిజ్ తలుపు బటన్: నొక్కుకుని ఉంటే లోపలి లైటు ఆరుతుంది, వదిలితే వెలుగుతుంది. 1 ఇస్తే 0, 0 ఇస్తే 1.

స్విచ్‌లను ఇలా 1, 0 లెక్కలతో చూడొచ్చని 1937లో క్లాడ్ షానన్ ఎంఐటీలో తన మాస్టర్స్ థీసిస్‌లో చూపించాడు. ఆయన వాడుకున్న బీజగణితం జార్జ్ బూల్‌ది. బూల్ పుస్తకం 1854 నాటిది, అంటే ఇళ్లకు కరెంటు బల్బులు రాకముందే.

పజిల్ 1. ఎ, బి స్విచ్‌లు పక్కపక్క దారుల్లో ఉన్నాయి. ఆ దారులు కలిసిన తర్వాత సి స్విచ్, దాని తర్వాత బల్బు. మూడు స్విచ్‌లను 8 రకాలుగా పెట్టొచ్చు, ఒక్కో రకాన్ని ఒక్కో వరసగా రాసుకోండి. ఎన్నింటిలో బల్బు వెలుగుతుంది? ఇప్పుడు సి‌ని అక్కడి నుంచి తీసి, బి ఉన్న దారిలోనే బి వెనక పెట్టండి. ఎ దారి నేరుగా బల్బుకి పోతుంది. ఇప్పుడెన్ని?

పజిల్ 2. ఒక అపార్ట్‌మెంట్‌లో కింద సంపు, పైన ట్యాంకు. సంపులో నీళ్లుంటే కింది ఫ్లోట్ స్విచ్ 1 ఇస్తుంది. ట్యాంకు నిండితే పై ఫ్లోట్ 1 ఇస్తుంది. సంపులో నీళ్లుండాలి, ట్యాంకు నిండకూడదు, అప్పుడే మోటారు తిరగాలి. ఇంతవరకు తేలిక: పై ఫ్లోట్‌ని నాట్ గుండా పంపి, కింది ఫ్లోట్‌తో ఆండ్ చేస్తే సరి.

తకరారు ఎక్కడంటే, పై ఫ్లోట్ అప్పుడప్పుడూ ఇరుక్కుని, ట్యాంకు ఖాళీగా ఉన్నా ‘నిండింది’ అంటోంది. అందుకని వాచ్‌మన్ చేతికి ఒక స్విచ్ పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు రెండు పద్ధతులు చెప్పారు.

మొదటాయన: “ఉన్న సర్క్యూట్ అలాగే ఉంచి, చివర్లో వాచ్‌మన్ స్విచ్‌ని ఆర్ చేద్దామండీ. ఆయన వేస్తే మోటారు తిరుగుతుంది, అంతే.”

రెండో ఆయన: “పై ఫ్లోట్ నాట్‌నీ వాచ్‌మన్ స్విచ్‌నీ మొదట ఆర్ చేసి, వచ్చినదాన్ని కింది ఫ్లోట్‌తో ఆండ్ చేయాలి సార్.”

రెండు సర్క్యూట్లు ఎప్పుడు తేడా చూపిస్తాయి? మీరు కమిటీలో ఉంటే ఎవరికి పని ఇస్తారు?

పజిల్ 3. మెట్ల లైటుకి కింద ఒక టూ-వే స్విచ్, పైన ఒకటి. రెండూ ఒకే వైపు ఉంటే లైటు ఆరుతుంది, వేర్వేరు వైపులుంటే వెలుగుతుంది. సాయంత్రం రెండూ 0లో ఉన్నాయి. రాత్రి పదిలోపు కింది స్విచ్‌ని 7 సార్లు, పైదాన్ని 4 సార్లు నొక్కారు. ఏ వరసలో నొక్కారో తెలియదు. పదింటికి లైటు వెలుగుతోందా?

పజిల్ 4. ఆండ్, ఆర్, నాట్‌లలో ఏదో ఒక పని చేసే పెట్టెని గేట్ అంటారు. ఎ, బి అనే రెండు ఇన్‌పుట్లు ఒక ఆండ్ గేట్‌లోకి వెళ్తున్నాయి. దాని అవుట్‌పుట్ ఒక నాట్‌లోకి. అవే ఇన్‌పుట్లు విడిగా ఒక ఆర్ గేట్‌లోకీ వెళ్తున్నాయి. నాట్ ఇచ్చినదీ ఆర్ ఇచ్చినదీ కలిపి చివరి ఆండ్‌కి అందుతున్నాయి. నాలుగు ఇన్‌పుట్ జతలకీ అవుట్‌పుట్ రాయండి. ఈ అవుట్‌పుట్ మీరు పైన ఎక్కడో చూశారు.

పజిల్ 5. మూడు పెట్టెలు, పేర్లు చెరిగిపోయాయి. ఒకటి ఆండ్, ఒకటి ఆర్, ఇంకొకటి నాండ్, అంటే ఆండ్ వెనక నాట్. ఒక పరీక్ష అంటే ఒక పెట్టెకి మీకిష్టమైన రెండు అంకెలిచ్చి అవుట్‌పుట్ చూడటం. ఏ పెట్టె ఏదో కచ్చితంగా చెప్పడానికి ఎన్ని పరీక్షలు సరిపోతాయి? అదృష్టం కలిసొస్తే అనే మాట వద్దు, ఎలా తిరిగినా సరిపోవాలి.

ఇక్కడ ఆగి, ముందు మీరు చేసి చూడండి. కింద జవాబులు.

1. మొదటి అమరికలో సి తప్పనిసరిగా 1 కావాలి, ఎ, బిలలో కనీసం ఒకటి 1 కావాలి. అలాంటివి 3. సి‌ని బి వెనక్కి జరిపితే, ఎ 1గా ఉన్న 4 వరసల్లోనూ వెలుగుతుంది. ఎ 0 అయినా బి, సి రెండూ 1 అయిన వరస ఇంకొకటి. మొత్తం 5. స్విచ్‌లు అవే, మారింది ఒక్క వైరే.

2. సంపులో నీళ్లున్నాయనుకోండి, కింది ఫ్లోట్ 1. అప్పుడు ఇద్దరి సర్క్యూట్లూ ఒకటే: ట్యాంకు నిండకపోయినా, వాచ్‌మన్ స్విచ్ వేసినా మోటారు తిరుగుతుంది. ఫ్లోట్ ఇరుక్కున్న రోజు రెండూ పనికొస్తాయి. కాబట్టి చూడాల్సింది కింది ఫ్లోట్ 0 అయిన వరసలే. రెండో ఆయన సర్క్యూట్‌లో చివర ఆండ్ ఉంది. దానికి ఒక పక్క 0 వస్తే ఇంకో పక్క ఏమొచ్చినా అవుట్‌పుట్ 0. మొదటాయనది చివర ఆర్. ఆండ్ నుంచి 0 వచ్చినా వాచ్‌మన్ స్విచ్ 1 అయితే అవుట్‌పుట్ 1. అంటే సంపు ఎండిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. నీళ్లు లేకుండా తిరిగితే పంపు సీలు వేడెక్కి పాడవుతుంది, ఆపైన రిపేరు బిల్లు ఫ్లాట్‌కింత అని పంచుకోవాలి. తేడా వచ్చేది 8 వరసల్లో 2లోనే, కానీ ఎండాకాలంలో ఆ రెండే ఎక్కువగా తగులుతాయి. పని రెండో ఆయనకి.

3. ఏ స్విచ్‌ని ఒక్కసారి నొక్కినా, ఒకేలా ఉన్నవి వేరవుతాయి, వేరుగా ఉన్నవి ఒకేలా అవుతాయి. ప్రతి నొక్కుకీ లైటు స్థితి మారుతుంది కాబట్టి వరసతో పని లేదు. 7, 4 కలిపితే 11, బేసి సంఖ్య. ఆరి ఉన్న లైటు వెలుగుతుంది.

4.

```
ఎ బి   ఆండ్  నాట్  ఆర్   చివర
0 0     0     1    0     0
0 1     0     1    1     1
1 0     0     1    1     1
1 1     1     0    1     0
```

ఇన్‌పుట్లు వేరైతేనే 1. మెట్ల లైటే ఇది. “ఎ ఉండి బి లేకపోవాలి, లేదా బి ఉండి ఎ లేకపోవాలి” అని మాటల్లో అనుకున్నట్టే కడితే రెండు నాట్‌లు, రెండు ఆండ్‌లు, ఒక ఆర్, మొత్తం ఐదు గేట్లు పడతాయి. ఇక్కడ నాలుగుతో అయిపోయింది.

5. మూడు. ఒక పెట్టెకి 1, 0 ఇవ్వండి. 0 వస్తే అది ఆండ్. మిగిలినవాటిలో ఒకదానికి 1, 1 ఇవ్వండి: 1 వస్తే ఆర్, 0 వస్తే నాండ్. రెండు పరీక్షలతో తేలిపోయింది. మొదట 1 వచ్చిందా, ఆ పెట్టె ఆర్ లేదా నాండ్. దానికే 1, 1 ఇచ్చి ఏదో తేల్చుకోండి. మిగిలిన రెంటిలో ఒకటి ఆండ్. ఒకదానికి మళ్లీ 1, 0 ఇస్తే, 0 చెప్పేది ఆండ్, 1 చెప్పేది రెండోది. రెండు పరీక్షలతోనే ఎప్పుడూ తేల్చేయొచ్చా అంటే కుదరదు: రెండు పరీక్షలకి వచ్చే జవాబులు మహా అయితే 4 రకాలు, పెట్టెల పేర్లు మాత్రం 6 రకాలుగా ఉండొచ్చు.