క్షేత్ర కార్యకర్త ఉద్యోగానికి ఇంటర్వ్యూ: హైదరాబాద్ తార్నాక కార్యాలయంలో రాసుకున్న సంభాషణ

బడి మానేసిన పిల్లలను తిరిగి బడిలో చేర్పించడం మా సంస్థ పని. నార్సింగి, పుప్పాలగూడ వైపు భవన నిర్మాణ కూలీల శిబిరాలు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. జీతం నెలకు 18 వేలు. ప్యానెల్‌లో డైరెక్టర్ మేడమ్, కార్యక్రమ సమన్వయకర్త, నేను. నాది లెక్కల విభాగం కాబట్టి రాసుకునే పని కూడా నా నెత్తిన పడింది. అభ్యర్థి అంతకుముందు అడ్డగుట్టలో ఒక చిన్న సంస్థలో పనిచేసింది. నిధులు ఆగిపోవడంతో ఆ ప్రాజెక్టు మూతపడింది.

డైరెక్టర్: కొత్త బస్తీలో అడుగుపెడితే ముందు ఎవరిని కలుస్తారు?

అభ్యర్థి: కిరాణా కొట్టు నడిపే వాళ్లను, మేడమ్. ఏ ఇంట్లో పనులు ఆగిపోయాయో, ఎవరి పిల్లలు పగలంతా వీధిలోనే ఉంటున్నారో వాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త. బస్తీ పెద్దను కూడా కలవాలి కానీ, మొదటి రోజే ఆయన వెంట తిరిగితే నన్ను ఆయన మనిషి కింద జమకడతారు. శిబిరాల్లో ఈ వరస నడవదు. అక్కడ గేటు దగ్గరే ఆపేస్తారు. మేస్త్రి సరేనంటే తప్ప లోపలికి వెళ్లలేం.

డైరెక్టర్: మేస్త్రి వద్దంటే?

అభ్యర్థి: గేటు బయటే కూర్చుంటాను. కూరగాయల బండి అక్కడికే వస్తుంది, ఆడవాళ్లూ అక్కడికే వస్తారు.

సమన్వయకర్త: ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం అనుకోండి. పాపకు తొమ్మిదేళ్లు. తల్లి పనికి వెళితే తమ్ముడిని చూసుకునేది తనే. బడికి పంపనని తల్లి ఖరాఖండిగా చెప్పింది. ఏం చేస్తారు?

అభ్యర్థి: ముందు తమ్ముడి వయసు అడుగుతాను, సర్. ఇక్కడ చిక్కు పాప చదువుది కాదు, పసివాడిది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టవచ్చు. నిండకపోతే పని జరిగే చోటే ఏదో ఒకటి చూడాలి. ఎక్కువమంది కూలీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని చట్టంలోనే ఉంది. అది మేస్త్రితో మాట్లాడి తేలేది కాదు. కంపెనీ వాళ్లతో మీరు మాట్లాడాలి.

(సమన్వయకర్త ఈ మాటను తన పుస్తకంలో రాసుకున్నారు. అభ్యర్థి మాకు పని అప్పగించడం నేను చూడటం అదే మొదలు.)

సమన్వయకర్త: ఆ తల్లితో ఎప్పుడు మాట్లాడతారు?

అభ్యర్థి: పగలు దొరకరు, ఆదివారం సంతకు వెళతారు. సాయంత్రం పని దిగి వచ్చాక ముందు నీళ్ల ట్యాంకు దగ్గర బిందెలు పెడతారు, తర్వాత పొయ్యి వెలిగిస్తారు. అన్నం ఉడికేదాకా ఎటూ కదలరు. నేను వెళ్లేది అప్పుడే. వెళ్లగానే కాగితాలు తీయను. అప్పుడు పుస్తకం, పెన్ను పట్టుకుని నిలబడితే సర్వే వాళ్లని తలుపు వేసేస్తారు. ఉల్లిపాయలు కోసి ఇస్తాను. మొగుడి ముందు చెప్పలేనివి కొన్ని ఉంటాయి. అవి ఆయన బయటికి వెళ్లాక వస్తాయి.

డైరెక్టర్: సరే, తల్లి ఒప్పుకుంది. హెడ్‌మాస్టరు జనన ధ్రువపత్రం కావాలన్నారు, టీసీ కావాలన్నారు. అప్పుడు?

అభ్యర్థి: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు రుజువు లేదని పిల్లను తిప్పి పంపకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువు విడిగా చెప్పించాలి. ఇదంతా ఆయనకు తెలియనిది కాదు. స్టాఫ్ రూములో అందరి ముందూ చట్టం చదివితే మాత్రం ఆయన బిగుసుకుపోతారు. మన సంస్థ ఉత్తరం ముందు రోజే ఇచ్చి వస్తాను. మర్నాడు పిల్లను తీసుకెళతాను. ఒడియా తప్ప మరో భాష రాని పిల్లకు మొదటి నెల క్లాసులో పక్కన ఎవరు కూర్చుంటారన్నదే ఆయనతో గట్టిగా మాట్లాడాల్సిన విషయం. ఆ నెల గట్టెక్కకపోతే చేర్పించి ఏం లాభం?

సమన్వయకర్త: మా దగ్గర డబ్బు తక్కువ. శిబిరాలు మూడు, నెల ఖర్చులకు మూడు వేలు. ఎలా సర్దుకుంటారు?

అభ్యర్థి: సర్, నేను ఉండేది రహమత్ నగర్‌లో. 2023 డిసెంబరు నుంచి సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సు ఖర్చు రాదు. స్టాపు నుంచి శిబిరం దాకా మాత్రం ఆటోనే గతి, రాత్రి తిరుగు ప్రయాణంలో మరీను. పలకలు, బలపాలు, చార్టు కాగితాలు చవకే. చదువు చెప్పడానికి చోటు ఉచితంగా దొరకాలి. శిబిరంలో ఖాళీ రేకుల గది ఒకటైనా ఉంటుంది, అడుగుతాను. కానీ మూడు శిబిరాలు చేయను. రెండు చేస్తాను.

సమన్వయకర్త: ప్రకటనలో మూడని రాశాం కదా.

అభ్యర్థి: చదివాను, సర్. సాయంత్రం పూట రెండు గంటలే వాళ్లు దొరికేది. మూడు చోట్ల తిరిగితే నివేదికలో మూడు పేర్లు ఉంటాయి, వాళ్లకు నా పేరు కూడా తెలియదు.

(నాకు ఇబ్బందిగా అనిపించింది. దాతకు మూడని రాసి పంపిన కాగితం నా బల్ల మీదే ఉంది. అయినా ఆమె లెక్కలో తప్పు దొరకలేదు.)

డైరెక్టర్: ఇంతకంటే ఎక్కువ జీతం బట్టల షాపులో కూడా వస్తుందమ్మా. ఈ పనే ఎందుకు?

అభ్యర్థి: జీతం కోసం కూడా, మేడమ్. ఇంటి అద్దె, అమ్మ మందులు నా మీదే ఉన్నాయి. సేవ కోసమే వచ్చామన్నవాళ్లు ఏడాది తిరక్కుండా వెళ్లిపోవడం చూశాను. వాళ్లను తప్పుపట్టను.

డైరెక్టర్: అది కాక?

అభ్యర్థి: (కొంచెం ఆగి) అడ్డగుట్టలో ఒక తల్లి నన్ను బస్టాపులో పట్టుకుంది. కూతురికి పదిహేనేళ్లు, ఇంట్లో పెళ్లి ఖాయం చేశారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేస్తే పిల్లను తీసుకెళ్లిపోతారా, నా మొగుణ్ని జైల్లో పెడతారా అని అడిగింది. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాట. నాకు తెలిసినంతవరకు ఉన్నదున్నట్టు చెప్పాను, ఏమీ కాదని మాత్రం చెప్పలేదు. ఆమెతోపాటు బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి వెళ్లాను. పెళ్లి ఆగింది. అమ్మాయి మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు కానీ, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాం. నన్ను నమ్మి అలాంటి మాట చెప్పుకునే చోటికి చేరడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ చోటు నాకు ఇష్టం. బట్టల షాపులో అది ఉండదు.

డైరెక్టర్: మీరేమైనా అడగాలా?

అభ్యర్థి: మూడున్నాయి, మేడమ్. జీతం ఏ తేదీన వేస్తారు?

నేను: ఏడో తేదీలోపు.

అభ్యర్థి: దాత డబ్బు ఆలస్యమైతే?

నేను: ఒక నెల వరకు సంస్థ సర్దుతుంది. అంతకు మించితే ముందే చెబుతాం.

అభ్యర్థి: పిల్లల ఫొటోలు దాతలకు పంపుతారా?

సమన్వయకర్త: పంపాలి. నివేదికలో అడుగుతారు.

అభ్యర్థి: తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లలవే పంపుతాను. పని నుంచి మాన్పించిన పిల్లల ముఖాలు మాత్రం పంపను. చివరిది, ప్రాజెక్టు ముగుస్తుందని మీకు తెలిసిన రోజే నాకు చెప్పాలి. అడ్డగుట్టలో ఒక సోమవారం కేంద్రానికి తాళం వేశారు. పిల్లలు సంచులు పట్టుకుని బయట నిలబడ్డారు. తల్లులు నన్ను అడిగారు, ఆఫీసును అడగలేదు.

(మేడమ్ సమన్వయకర్త వైపు చూశారు. ఆయన తల ఊపారు.)

డైరెక్టర్: రెండు శిబిరాలతో మొదలుపెడదాం. మూడోదాని సంగతి దాతతో నేను మాట్లాడతాను. ఒకటో తేదీ నుంచి రాగలరా?

అభ్యర్థి: నియామక పత్రంలో జీతం తేదీ, రాత్రి ఆటో ఖర్చు రాసి ఇస్తే వస్తాను, మేడమ్.