ఇరవై ఒకటి సున్నా అయిదు

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫుటేజీ నలభై నిమిషాలే. గుంటూరు బ్రాడీపేటలో ఒక పుస్తకాల షాపు కెమెరా అది. ఎదురుగా చీరల షాపు, దాని అద్దం ముందు వరసగా బైకులు. మనకు వీపు చూపిస్తూ ఒక కుర్రాడు వచ్చి, ఒక బైకు హ్యాండిల్ గట్టిగా తిప్పి లాక్ విరగ్గొట్టి, తోసుకుంటూ వెళ్లిపోతాడు. ముఖం కనపడదు. ఒంటి మీద హోటల్ యూనిఫాం లాంటి గళ్ల చొక్కా.

బైకు యజమాని ఫస్ట్ షో సినిమాకెళ్లి తొమ్మిదిన్నర దాటాక వచ్చాడు. బైకు ఎప్పుడు పోయిందో ఆయనకూ తెలీదు. కెమెరా దృశ్యాల్ని రికార్డు చేసే డీవీఆర్ టైము 20:24 అంటోంది. ఫుటేజీ తీసుకునేటప్పుడు డీవీఆర్ గడియారాన్ని మొబైల్‌తో పోల్చి తేడా రాసుకోవాలి. ఎవరూ రాసుకోలేదు. తర్వాత కరెంటు పోయి డీవీఆర్ గడియారం మొదటికొచ్చింది.

అందుకే ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఫుటేజీ పరీక్షించే మూర్తిగారు ఫ్రేములో ఇంకో గడియారం వెతికారు, దొరికింది కూడా. చీరల షాపు లోపల గోడ మీద ఎర్ర ఎల్‌ఈడీ అంకెలు, 21:05. అంటే డీవీఆర్ నలభై ఒక్క నిమిషాలు వెనక ఉందని రిపోర్టు రాశారు. సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ అన్నీ జతచేసి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం హోటల్ పంచింగ్ మెషీన్‌లో 20:40కి బయటికి వెళ్లినట్టున్న ఒక సర్వర్ కుర్రాణ్ణి అరెస్టు చేశారు.

శిరీష ల్యాబ్‌లో చేరి నాలుగు నెలలే. ఆమెకిచ్చిన పని రిపోర్టులో పెట్టాల్సిన బొమ్మల్ని కత్తిరించడం. 21:05 ఉన్న ఫ్రేము ఒకటి చాలు. కానీ మంచి ఫ్రేము కోసం ముందుకీ వెనక్కీ జరుపుతుంటే చిరాకేసింది. 21:05 ఉన్నది ఒక్క నిమిషమే. అది కాగానే మొదటి అంకె దేనికీ పోలని ఆకారంలోకి మారింది. 'ఎల్‌ఈడీ పాడైనట్టుంది' అనుకుని వెనక్కి జరిపింది. అంతకుముందు నిమిషంలోనూ మొదటి అంకే వంకరగా ఉంది. మిగతా మూడూ కదల్లేదు.

నిమిషం మారితే చివరి అంకె కదా మారాలి?

జూమ్ చేసింది. సున్నా లోంచి షాపు అద్దం వెనక నిలబెట్టిన బొమ్మ కట్టుకున్న చీర అంచు కనిపిస్తోంది. గోడ మీద గడియారమైతే బొమ్మ వెనక ఉండాలి. ఇది బొమ్మకు ముందుంది. అద్దం మీద ఉంది.

కాగితం మీద చతురస్రపు గీతలతో 2 వేసి, తిరగేసి వెలుతురుకు పట్టింది. 5. కుడినుంచి ఎడమకు మొత్తం రాసుకుంది. 20:15.

అరగంటసేపు మూర్తిగారి దగ్గరికి వెళ్లలేదు. మంచినీళ్లు తాగింది, బాత్‌రూముకెళ్లొచ్చింది, మళ్లీ కాగితం చూసుకుంది. మూర్తిగారి చేతి కింద పనిచేస్తూ ఆయన సంతకం మీద వేలు పెట్టడం కంటే రాజీనామా రాయడం తేలికనిపించింది.

"సార్, ఒక్క నిమిషం ఈ వీడియో చూస్తారా?"

"ఏమ్మా, బొమ్మలు అయ్యాయా?"

"గడియారం చూడండి సార్. ఏ అంకె మారుతోందో."

ఆయన చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఆమె కాగితం తిరగేసి ట్యూబ్‌లైటుకు పట్టింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"పక్కన మెడికల్ షాపుంది, కదూ?" అన్నారు చివరికి.

"కెమెరా ఉన్న వైపే సార్. ఆ గడియారమే అద్దంలో పడుతోంది."

"మరి ఆ గడియారం కరెక్టని ఎవరు చెప్పారు?" కోపంగా అడిగినట్టే ఉంది కానీ కోపం కాదు. అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.

బ్రాడీపేట చేరేసరికి ఎనిమిదైంది. మెడికల్ షాపు గడియారం మొబైల్ కంటే మూడు నిమిషాలు ముందుంది. ఎప్పట్నుంచి అలా ఉందని అడిగితే షాపాయన, "కొన్నప్పట్నుంచీ అంతే సార్, దాన్నెవరు ముట్టుకుంటారు" అన్నాడు. మూర్తిగారు అదీ రాసుకున్నారు. హోటల్ పంచింగ్ మెషీన్ టైమూ ఇలాగే సరిచూడాలని కింద ఇంకో లైను రాశారు. ఉత్సాహపడి కుర్రాణ్ణి అప్పుడే విడిపించేయకూడదుగా.

"కొత్త రిపోర్టు నువ్వే రాయి. మొదటిది తప్పని మొదటి వాక్యంలోనే ఉండాలి. కింద నా సంతకం."

"అలాగే సార్."

కెమెరా కింద నిలబడ్డారు. రోడ్డుకు అవతల చీరల షాపు అద్దంలో, ఎర్రచీర బొమ్మ భుజం మీద, ఒక వంకర అంకె. ఆమె మొబైల్‌లో 20:11. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. బొమ్మ భుజం మీది వంకర అంకె ఒక్కసారి తళుక్కుమని 2 అయింది.

"ఇరవై ఒకటి సున్నా అయిదు," అని గట్టిగానే చదివారు మూర్తిగారు. పక్కన సైకిలు ఆపుకున్న కుర్రాడు తన వాచీ చూసుకున్నాడు.