ఇవాళ నేనేమీ అడగను

బంగారం,

నువ్వు లేచాక చూస్తావని రాత్రే రాసి పెడుతున్నా. బుజ్జిది ఇప్పుడే పడుకుంది. అక్కడ అక్కావాళ్లింట్లో నీకు నిద్ర సరిగ్గా పట్టిందో లేదో. పట్టకపోయినా ఏం పర్లేదు, గ్రూప్-1 ఇంటర్వ్యూ ముందు రాత్రి ఎవరికి పడుతుంది చెప్పు?

పోయినసారి నువ్వు కమిషన్ ఆఫీసులోంచి బయటికి రాగానే, నీ మొహమైనా చూడకుండా 'ఏమడిగారు, ఏం చెప్పావు' అని మొదలెట్టాను. బస్సు వారధి దాటేలోపు మూడుసార్లు అడిగి ఉంటా. నువ్వు మంగళగిరి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నావు. నీకు అప్పుడు కావాల్సింది పక్కన ఊరికే కూర్చునే మనిషని నాకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. అందుకే ముందే మాటిస్తున్నా, ఇవాళ నేనేమీ అడగను. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, వారం తర్వాతైనా సరే. మా అమ్మకీ మీ నాన్నగారికీ కూడా చెప్పేశాను, ఎవరూ ఫోన్ చేయరు.

మొన్న ఆదివారం ప్రకాశం బ్యారేజీ మీద బుజ్జిది 'ఇన్ని తలుపులెందుకమ్మా' అంటే నువ్వు చెప్పిన తీరు నా చెవుల్లోనే ఉంది. పాత ఆనకట్ట 1952లో తెగిపోవడం, 1957కి ఈ బ్యారేజీ రావడం, కాలవల్లోకి నీళ్లు మళ్లించడం, అన్నీ కథలా చెప్పావు. డెబ్బై గేట్లూ లెక్కపెడతానని అది నలభై దగ్గర తప్పిపోతే, 'పోన్లే, మళ్లీ వచ్చినప్పుడు లెక్కపెడదాం' అన్నావు. తెలియనిదొకటి అడిగితే 'అది నాకు తెలీదు, చూసి చెప్తా' అన్నావు. బోర్డు ముందూ ఆ మాట హాయిగా అనొచ్చు. అక్కడ కూర్చునేవాళ్లూ మనుషులే కదా.

మెయిన్స్‌లో 750కి రాయాల్సింది రాసేశావు. అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు. బ్రాడీపేట రీడింగ్ రూమ్ నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, బుజ్జిదాని హోంవర్క్ చూసి, మళ్లీ పుస్తకం తీసినదానివి నువ్వు. అదంతా పక్కనుండి చూసినవాణ్ణి నేను. ఈ ఇంటర్వ్యూ 75 మార్కులు ఎటు పోయినా నా లెక్కలో నువ్వు మారవు.

కాల్ లెటర్, ఒరిజినల్స్, ఆధార్ నీలం ఫైల్లోనే ఉన్నాయి, నేను రెండుసార్లు చూశాను, మళ్లీ వెతుక్కోకు. అక్క ఇడ్లీ పెడుతుంది, రెండైనా తిను. మంగళగిరి చీర కుచ్చిళ్లు అక్క చేత పెట్టించుకో, తొందరేం లేదు.

అయ్యాక నాన్‌స్టాప్ ఎక్కి ఒక్క మెసేజ్ పెట్టు, 'బయల్దేరాను' అని చాలు. గుంటూరు బస్టాండ్‌లో బండితో మేమిద్దరం ఉంటాం. నీకోసం గోంగూర పప్పు చేసి పెడతా. బుజ్జిది నిన్నేమీ అడగదు, దానికి నీ ఒళ్లో పడుకోవాలని మాత్రం ఉంది.